పెద్దల చేతికి ఇచ్చే శుభలేఖ

పెళ్లి కుదిరిన వారం లోపే ఫోన్లలోకి ఒక ఇంగ్లిషు సందేశం వచ్చేస్తుంది. రాసేది పెళ్లికూతురో పెళ్లికొడుకో అయి ఉంటుంది. మాధవి, కార్తీక్ పెళ్లి చేసుకుంటున్నారనీ, ఆ సంతోషంలో మీరూ పాలుపంచుకోవాలనీ, ఆగస్టు 21 శుక్రవారం తెల్లవారుజామున 2.14కు రాజమహేంద్రవరంలో పెళ్లి అనీ, ముందురోజు రాత్రి భోజనాలనీ అందులో ఉంటుంది. చివర్లో కానుకలు వద్దని ఒక మాట, వచ్చేదీ లేనిదీ ఫలానా తేదీలోగా చెప్పమని మరో మాట. స్నేహితులకు ఇది సరిపోతుంది. తర్వాత అమ్మ అడుగుతుంది: "ఇదే తెలుగులో రాసి పెట్టమ్మా, పెదనాన్నగారికీ, అమ్మమ్మగారి తమ్ముళ్లకీ పంపాలి." చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

పేర్లు, తేదీ మనం అనుకున్నవే కాబట్టి పై సందేశాన్నే ఉదాహరణగా పెట్టుకుని, పెద్దలకు పంపదగిన తెలుగు ఆహ్వానంగా మార్చి చూద్దాం. వాక్యం వెంట వాక్యం మార్చుకుంటూ పోతే పని జరగదు. పిలిచేది ఎవరు, పెళ్లి ఎవరింటి పిల్లకు ఎవరింటి పిల్లవాడితో, ముహూర్తం ఏ రోజు అన్న మూడు సంగతులను ముందు తేల్చుకోవాలి. వాటికి జవాబులు దొరికితే మాటలు వాటంతట అవే కుదురుకుంటాయి.

ఇంగ్లిషు సందేశంలో పిలుస్తున్నది పెళ్లి చేసుకునే ఇద్దరూ. మన శుభలేఖలో వాళ్లు పిలవరు. పిలిచేది తల్లిదండ్రులు, తాతగారు ఉంటే కొన్ని ఇళ్లలో ఆయనే. ఇరవై ఆరేళ్ల అమ్మాయి డెబ్బై ఏళ్ల పెదతాతగారికి "నా పెళ్లికి రండి" అని రాస్తే ఆయన వస్తారు, ముచ్చటపడతారు కూడా. కానీ పిలుపు మాత్రం ఆ అమ్మాయి తండ్రి దగ్గర నుంచి రావాలని మనసులో ఉంటుంది. "మీ నాన్న పిలవలేదేం?" అన్న ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది. అందుకే తెలుగులో 'మేము' అన్న మాట వధూవరుల నోటి నుంచి తల్లిదండ్రుల నోటికి మారాలి. ఈ ఒక్క మార్పుతో సగం పని అయిపోతుంది. "మేం పెళ్లి చేసుకుంటున్నాం" అన్నది "మా జ్యేష్ఠ పుత్రిక వివాహము" అవుతుంది.

తండ్రి పోయిన ఇళ్లలో ఏం చేయాలన్నది చాలామందిని బాధపెట్టే సంగతి. కాలం చేసిన వారి పేరు ముందు 'కీ.శే.' అని, అంటే కీర్తిశేషులు అని రాస్తాం. వారిని పిలిచేవారి స్థానంలో రాయకూడదు, "వారి ఆశీస్సులతో" అని పైన రాయాలి. ఒంటరిగా మిగిలిన తల్లి పేరును కొందరు పూర్తిగా తీసేసి బాబాయి పేరో మేనమామ పేరో వేస్తారు. ఒకప్పటి ఉత్తరాల్లో ఆమె పేరు ముందు 'గంగాభాగీరథీ సమానురాలు' అని రాసి విడిగా పెట్టేవారు. ఇప్పుడు ఆ అవసరం లేదు. బిడ్డను పెంచి పెద్దచేసి పెళ్లి చేస్తున్నది ఆమె. 'శ్రీమతి' అని ఆమె పేరే ముందు వేసి, బాబాయిగారి పేరు ఆ పక్కన కలపండి. పెద్దవాళ్లు ఒప్పుకోరేమో అని భయపడనక్కర్లేదు. అడిగి చూస్తే చాలామంది ఒప్పుకుంటారు, కొందరు కళ్లు తుడుచుకుంటారు.

ఇక పేర్ల సంగతి. ఇంగ్లిషు సందేశంలో మాధవి, కార్తీక్ అని రెండే పేర్లున్నాయి. కాకినాడలో ఉన్న అమ్మమ్మగారి తమ్ముడికి మాధవి ఎవరో ఆ పేరుతో తెలియదు. సీతారామయ్యగారి మనవరాలు అంటే తెలుస్తుంది. పెద్దలు మనిషిని ఇంటిపేరుతో, ఊరితో, తాతగారి పేరుతో గుర్తుపడతారు. కాబట్టి ఈ మూడూ ఆహ్వానంలో ఉండాలి. కొడుకు కూతురైతే పౌత్రి, కూతురి కూతురైతే దౌహిత్రి. మగపిల్లలకు పౌత్రుడు, దౌహిత్రుడు. ఇంగ్లిషు సందేశం తాతగారిని ప్రస్తావించినా ఆయన తల్లి వైపా తండ్రి వైపా చెప్పదు గనుక ఇంట్లో అడిగి రాయాల్సిందే. ఎన్నో సంతానమన్నదీ ఇలాంటిదే: జ్యేష్ఠ, ద్వితీయ, కనిష్ఠ, ఏకైక. ఇద్దరే పిల్లలున్న ఇంట్లో రెండోవారిని ద్వితీయ అన్నా కనిష్ఠ అన్నా తప్పు లేదు. ముగ్గురున్నప్పుడు మధ్యవారిని కనిష్ఠ అంటే మాత్రం చివరివారు లేనట్టే అవుతుంది.

పేరు ముందు పెట్టే పొడి అక్షరాలకూ ఒక లెక్క ఉంది. అమ్మాయికి చి.ల.సౌ., అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. అబ్బాయికి చి., అంటే చిరంజీవి. ఇవి పెద్దలు పిల్లలకు ఇచ్చే దీవెనలు. వధూవరులే పిలుస్తున్నట్టు రాసి తమ పేర్ల ముందు తామే చి.ల.సౌ. పెట్టుకుంటే దీవించేవారు లేని దీవెన అవుతుంది. 'గారు' విషయంలోనూ ఇదే చూపు ఉండాలి. వియ్యంకుల పేర్లకు 'గారు' తప్పనిసరి. మన ఇంటి పెద్దలకు, స్వర్గస్థులైన తాతగారికి కూడా వేస్తాం. పిలిచేవారు తమ పేరుకు తామే 'గారు' తగిలించుకోరు. ఇంగ్లిషు నుంచి మార్చేటప్పుడు అందరికీ ఒకేలా 'గారు' వేసుకుంటూ పోవడం వల్ల ఈ పొరపాటు ఎక్కువగా కనిపిస్తోంది.

ఆడపెళ్లివారి శుభలేఖ వేరు, మగపెళ్లివారి శుభలేఖ వేరు. ఆడపెళ్లివారు "మా పుత్రికను ఫలానా వారి కుమారునకు ఇచ్చి వివాహము" అని రాస్తారు. మగపెళ్లివారు "మా కుమారుని వివాహము ఫలానా వారి పుత్రికతో" అని రాస్తారు. ఇంగ్లిషులో రెండు ఇళ్లకూ ఒకే సందేశం నడిచిపోయింది కదా అని ఒకే తెలుగు పాఠాన్ని రెండు వైపులా పంపితే, అబ్బాయి నాన్నగారు తమ బంధువులకు అమ్మాయి తరఫు పిలుపు పంపినట్టవుతుంది. 'ఇచ్చి' అన్న మాట ఇష్టం లేని ఇళ్లు ఈ మధ్య పెరిగాయి. అలాంటప్పుడు "చి.ల.సౌ. మాధవి, చి. కార్తీక్‌ల వివాహము" అంటే సరిపోతుంది, మర్యాదకు ఏ లోటూ రాదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ముహూర్తం. మన ఉదాహరణలో ఇంగ్లిషు సందేశం శుక్రవారం, ఆగస్టు 21, తెల్లవారుజామున 2.14 అంటోంది. గడియారం ప్రకారం అది తప్పు కాదు, అర్ధరాత్రి దాటగానే తేదీ మారిపోతుంది. పంచాంగంలో రోజు అలా మారదు. సూర్యోదయం నుంచి మళ్లీ సూర్యోదయం దాకా ఒకే వారం. కాబట్టి ఆ 2.14 పెద్దల లెక్కలో ఇంకా గురువారం రాత్రే. దీన్ని "శుక్రవారం 2.14" అని తెలుగులో రాసి పంపితే ఏమవుతుంది? పెదనాన్నగారు శుక్రవారం రాత్రికని అర్థం చేసుకుని, శుక్రవారం సాయంత్రం రైలు దిగుతారు. అప్పటికి పెళ్లి అయిపోయి పందిరి విప్పుతుంటారు. నిజంగా జరిగే పొరపాటే ఇది. రాత్రి ముహూర్తాల రోజుల్లో ప్రతి బంధువర్గంలోనూ ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది.

మన శుభలేఖలు దీనికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టాయి. "20-08-2026 గురువారం రాత్రి 2.14 గంటలకు (తెల్లవారితే శుక్రవారం)" అని రాస్తారు. కుండలీకరణాల్లోని ఆ రెండు మాటలతో పాతలెక్కవారికీ కొత్తలెక్కవారికీ ఒకే రాత్రి అర్థమవుతుంది. రాత్రి పన్నెండు దాటి సూర్యోదయం లోపు ఉన్న ప్రతి ముహూర్తానికీ ఈ మాట ఉండాలి. భోజనాల వేళ కూడా పక్కనే రాయాలి. "విందు: గురువారం రాత్రి 7.30 నుంచి" అని చూస్తే ఏ రోజు బయల్దేరాలో ఇక సందేహం ఉండదు.

ఇంగ్లిషు సందేశాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ముహూర్తాన్ని కార్యక్రమం మొదలయ్యే వేళగా రాస్తారు. సుముహూర్తం అంటే వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం ఉంచే ఘడియ. గణపతి పూజ, కన్యాదానం లాంటివి అంతకు ముందే జరుగుతాయి. మాంగల్యధారణ, తలంబ్రాలు ఆ తర్వాత. కాబట్టి "వివాహం 2.14కు ప్రారంభం" అని రాయకూడదు. "సుముహూర్తం 2.14" అని రాస్తే అంతకు ముందే వచ్చి కూర్చోవాలని పెద్దలకు విడిగా చెప్పనక్కర్లేదు.

ఇక సంవత్సరం, మాసం, తిథి. ఉగాది దాటితేనే తెలుగు సంవత్సరం మారుతుంది. 2026లో ఉగాది మార్చి 19న వచ్చింది. ఆ రోజు నుంచి శ్రీ పరాభవ నామ సంవత్సరం. 2026 ఫిబ్రవరిలో జరిగిన పెళ్లి మాత్రం శ్రీ విశ్వావసు నామ సంవత్సరంలోది. 2026 అని కనిపించగానే పరాభవ అని వేసేయడం పొరపాటు. ఇంగ్లిషు నెలను బట్టి మాసాన్ని ఊహించడమూ అంతే. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో ఆ తర్వాతి మాసాలన్నీ వెనక్కి జరిగాయి. 2025 ఆగస్టు 20 శ్రావణ బహుళంలో పడితే, 2026 ఆగస్టు 20 శ్రావణ శుద్ధంలో పడింది. తిథి, నక్షత్రం ఇంతకంటే సున్నితమైనవి. పగలు ఒక తిథి ఉండి రాత్రికి మరొకటి రావచ్చు. గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో కనిపించేది ముహూర్త సమయానికి ఉండకపోవచ్చు. అందుకే వీటిని మనం లెక్కకట్టకూడదు. పురోహితుడు రాసిచ్చిన లగ్నపత్రిక దగ్గర పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయాలి. కింది పాఠంలో ఆ రెండు చోట్లా ఖాళీ వదిలింది అందుకే.

ఇప్పుడు మొత్తం పాఠం చూద్దాం. ఇది ఆడపెళ్లివారు పంపేది.

శ్రీరస్తు    శుభమస్తు    అవిఘ్నమస్తు

గౌరవనీయులైన బంధుమిత్రులకు,

స్వస్తిశ్రీ చాంద్రమాన శ్రీ పరాభవ నామ సంవత్సర శ్రావణ శుద్ధ …… తిథి, అనగా 20-08-2026 గురువారం రాత్రి 2.14 గంటలకు (తెల్లవారితే శుక్రవారం) …… నక్షత్రయుక్త మిథున లగ్నమందు, కీ.శే. సీతారామయ్య గారు, శ్రీమతి సుబ్బలక్ష్మి గార్ల పౌత్రి, మా జ్యేష్ఠ పుత్రిక

చి.ల.సౌ. మాధవిని

కాకినాడ వాస్తవ్యులు శ్రీమతి భారతి, శ్రీ సత్యనారాయణ గార్ల కనిష్ఠ పుత్రుడు

చి. కార్తీక్‌కు

ఇచ్చి వివాహము జరిపించుటకు పెద్దలు నిశ్చయించినారు. కావున తాము సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, నూతన వధూవరులను ఆశీర్వదించి, మా ఆతిథ్యము స్వీకరించి, మమ్ము ఆనందింపజేయ ప్రార్థన.

స్వయముగా వచ్చి పిలువలేకపోయినందుకు మన్నించి, దీనినే స్వయం ఆహ్వానముగా భావింప మనవి.

విందు: 20-08-2026 గురువారం రాత్రి 7.30 గంటల నుంచి
వివాహ వేదిక: ……, రాజమహేంద్రవరం

ఇట్లు, భవదీయులు,
సుజాత, వెంకటరమణ
(ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరు)

ఇందులో భాష పాతపద్ధతిలో ఉంది. 'విచ్చేసి', 'మమ్ము', 'భావింప' అని మనం రోజూ మాట్లాడుకోం. శుభలేఖకు ఆ మాత్రం గాంభీర్యం ఉండాలని పెద్దలు కోరుకుంటారు, ఆ కోరికలో న్యాయముంది. అయితే ఒకసారి ఈ పద్ధతి పట్టుకున్నాక చివరిదాకా నిలబడాలి. మొదటి వాక్యంలో "నిశ్చయించినారు" అని, రెండో దాంట్లో "తప్పకుండా రండి" అని రాస్తే చదివేవారికి ఇద్దరు రాసినట్టుంటుంది. గ్రాంథికం పట్టుబడకపోతే మామూలు తెలుగులోనే మర్యాదగా రాయండి: "మీరు కుటుంబ సమేతంగా వచ్చి, మా పిల్లలను ఆశీర్వదించి, మా ఆతిథ్యం స్వీకరించవలసిందిగా కోరుతున్నాం." దీన్ని ఏ పెద్దమనిషీ తక్కువగా చూడరు. అరువు తెచ్చుకున్న గంభీరపదాలు తప్పుగా పడితేనే నొచ్చుకుంటారు. చాలా కార్డుల్లో కనిపించే "మదీయ ఆతిథ్యము స్వీకరించి మమ్ము" అన్నది అలాంటిదే. మదీయ అంటే నా, మమ్ము అంటే మమ్మల్ని. భార్యాభర్తలిద్దరూ పిలుస్తున్నప్పుడు "మా ఆతిథ్యము" అంటే చాలు.

'సపరివార సమేతముగా' అన్న మాటను మాత్రం ఆలోచించి వాడాలి. ఇంగ్లిషు సందేశం తలలు లెక్కపెట్టి పిలుస్తుంది. ఈ మాట ఇంటిల్లిపాదినీ పిలుస్తుంది, ఇంట్లో అల్లుడు, కోడలు, వారి పిల్లలు అందరూ అందులోకి వస్తారు. నూట యాభై మందికే చోటున్న హాలు తీసుకుని రెండువందల ఇళ్లకు ఈ మాట పంపితే ఆ పిలుపుకు కట్టుబడే పరిస్థితి ఉండదు. చోటు తక్కువైతే "తాము దంపతులుగా విచ్చేసి" అనవచ్చు. సందేశం అందుకునేవారు తోడుంటే తప్ప ప్రయాణం చేయలేని వయసువారైతే, ఆ తోడు వచ్చేవారి పేరు ఫోన్లో మనమే అడిగి పిలవాలి.

ఇంగ్లిషు సందేశం చివర్లోని రెండు మాటలు మిగిలాయి. కానుకలు వద్దన్నదాన్ని "కానుకలు స్వీకరించబడవు" అని మారిస్తే కార్యాలయం గోడమీది నోటీసులా ఉంటుంది. "మీ ఆశీస్సులే మాకు కానుకలు" అంటే అదే అర్థం వస్తుంది, ఎవరి మనసూ నొవ్వదు. అయినా నూట పదహార్లు చదివించడం తమ ధర్మమని భావించే పెద్దలుంటారు. వారు ఇస్తే తీసుకోవాలి. రెండోది, వచ్చేదీ లేనిదీ ఫలానా తేదీలోగా చెప్పమనడం. దీన్ని పెద్దలకు రాసే ఆహ్వానంలో నుంచి పూర్తిగా తీసేయమంటాను. ఆశీర్వదించడానికి రమ్మని ప్రార్థించి, ఆ వెంటనే జవాబుకు గడువు పెట్టడం పొసగదు. వంటవారికి లెక్క కావాలి, నిజమే. సందేశం పంపిన రెండు మూడు రోజులకు ఇంటి యజమానే ఫోన్ చేసి, "మామయ్యగారూ, శుభలేఖ అందిందా? మీకు గది చూడమంటారా?" అని అడిగితే లెక్క దానంతట అదే తేలుతుంది.

"స్వయం ఆహ్వానముగా భావింప మనవి" అన్న వాక్యం కార్డుపై ఉన్నా లేకపోయినా ఫోన్ సందేశంలో ఉండి తీరాలి. పెద్దలకు పిలుపంటే ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలవడం. ఊళ్లోనే ఉన్నవారికి సందేశం పంపి ఊరుకుంటే ఈ వాక్యం కూడా ఆదుకోదు, వెళ్లి పిలవాల్సిందే. దూరాన ఉన్నవారికి, వెళ్లలేని పరిస్థితి ఉన్నప్పుడు మాత్రం ఈ మాట మన్నింపు కోరినట్టు పనిచేస్తుంది. సందేశం తండ్రి ఫోన్ నుంచే పంపడం మంచిది. "గౌరవనీయులైన బంధుమిత్రులకు" అన్నచోట "పూజ్యులైన పెదనాన్నగారికి, పెద్దమ్మగారికి నమస్కరించి" అని ఒక్కొక్కరికీ వారి వరస వేసి మార్చి పంపడానికి నిమిషం కూడా పట్టదు. అందరికీ ఒకేసారి గుంపులో పడేసిన పిలుపుకూ దీనికీ ఉన్న తేడా అందుకున్నవారికి వెంటనే తెలుస్తుంది.

తెలంగాణ పల్లెల్లో పెండ్లి పత్రిక, లగ్గం అన్న మాటలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. అటువైపు బంధువులకు రాసేటప్పుడు "మా బిడ్డ లగ్గం" అని ఫోన్లో పిలిచే ఆప్యాయతను కార్డు భాష కోసం చంపుకోనక్కర్లేదు. తెలుగు క్రైస్తవ కుటుంబాల శుభలేఖల్లో తిథి నక్షత్రాల చోట బైబిలు వాక్యం, 'పరిశుద్ధ వివాహము' అన్న మాట ఉంటాయి. ఒక కుటుంబపు పాఠాన్ని ఎత్తి మరో సంప్రదాయపు ఇంటికి అతికించకూడదు.

పెళ్లి విదేశంలో అయితే తేదీల చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. అమెరికాలోని డాలస్‌లో వేసవిలో శనివారం ఉదయం 10.30 ముహూర్తమైతే ఇక్కడ అది శనివారం రాత్రి 9 గంటలు. పురోహితుడు ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టే ముహూర్తం పెడతాడు కాబట్టి తిథి, లగ్నం ఆ ఊరివే రాయాలి. ఇక్కడి పంచాంగం చూసి మార్చకూడదు. ఇంట్లో కూర్చుని ప్రత్యక్ష ప్రసారం చూసే తాతగారికి మాత్రం "మన కాలమానం ప్రకారం శనివారం రాత్రి 9 గంటలకు" అని విడిగా ఒక వరుస కావాలి. నవంబరు మొదట్లో అక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి మారతాయి. అప్పుడు అదే 10.30 ఇక్కడ రాత్రి 10 అవుతుంది.

పాఠం కుదిరాక ప్రెస్సుకు ఇస్తే అక్కడ ఇంకో గండం ఉంది. ఫోన్లో మనం టైపు చేసేది యూనికోడ్ తెలుగు. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లు వాడతారు. ఒకదాని నుంచి మరోదానికి మార్చేటప్పుడు వత్తులు రాలిపోతాయి, దీర్ఘాలు పోతాయి. 'జ్యేష్ఠ' 'జేష్ఠ' అవుతుంది, 'వధూవరులు' 'వధువరులు' అవుతుంది. అన్నిటికంటే ఇంటిపేర్లలో పడిన తప్పు కలకాలం గుర్తుంటుంది. కాబట్టి ప్రూఫ్ రాగానే ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు లగ్నపత్రిక చేతిలో పట్టుకుని అంకెలు, వారం, నక్షత్రం సరిచూడాలి. వియ్యంకుల పేర్లున్న వరుసను వారికే పంపి, సరిగా ఉందని వారి నోట విన్నాకే అచ్చుకు ఒప్పుకోవాలి.